మన సరుకుకు మన సరుకే పోటీ

గుంటూరులో ఇంట్లో పచ్చళ్లు పట్టి అమెజాన్‌లో అమ్మే ఒక కుటుంబం ఉందనుకుందాం. తల్లి పచ్చడి చూసుకుంటుంది, కొడుకు కంప్యూటర్ చూసుకుంటాడు. గోంగూర పచ్చడి ఒక్కటే నాలుగు రకాలుగా పెట్టారు. 250 గ్రాముల సీసా రూ. 149, అర కిలో రూ. 259, కిలో రూ. 469. నాలుగోది వెల్లుల్లి వేయని అర కిలో సీసా, రూ. 269. నాలుగింటికీ నాలుగు వేర్వేరు లిస్టింగులు. కొడుకు మొదటి లిస్టింగుకు రాసిన పేరునే మిగతా మూడింటికీ అతికించి, చివర్లో బరువు మాత్రం మార్చాడు. ప్రతి పేరూ "ఆంధ్ర గోంగూర పికిల్ హోమ్‌మేడ్" అనే మొదలవుతుంది.

ఒకరోజు తల్లి ఫోన్‌లో `gongura pickle` అని కొట్టి చూసింది. మొదటి పేజీలోనే తమ సీసాలు మూడు కనిపించాయి. "ఇన్ని చోట్ల కనిపిస్తున్నాం కదరా, మరి రోజుకు ఒక్క ఆర్డరు కూడా రాదేం?" అని అడిగింది. కొడుకు దగ్గర జవాబు లేదు.

ఈ కుటుంబం, ఈ అంకెలు విషయం చెప్పడానికి నేను కల్పించుకున్నవి. ఆ తల్లి అడిగిన ప్రశ్న మాత్రం ఆన్‌లైన్‌లో నాలుగు సరుకులు అమ్మే ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. ఒకే దుకాణానికి చెందిన రెండు మూడు లిస్టింగులు ఒకే మాట కోసం కొట్టుకుని, ఒకదాని గిరాకీని ఇంకొకటి తినేయడాన్ని ఈ వ్యాపారంలో కీవర్డ్ క్యానిబలైజేషన్ అంటారు. ఒకే ఇంట్లోంచి నలుగురు ఒకే వార్డులో నామినేషన్ వేసినట్టు ఉంటుంది. ఇంటి ఓట్లు మొత్తం తక్కువేమీ కావు, అయినా ఒక్కరూ గెలవరు.

ఓట్లు ఎలా చీలతాయో తెలియాలంటే, సరుకులను వరుసలో పెట్టేటప్పుడు సెర్చ్ ఏం చూస్తుందో కొంచెం తెలియాలి. అమెజాన్ సెర్చ్ విభాగంలో పనిచేసిన డరియా సొరోకినా, ఎరిక్ కాంటూ-పాజ్ 2016లో ఒక సదస్సు పత్రంలో ఈ పద్ధతిని బయటివాళ్లకు అర్థమయ్యేలా వివరించారు. లిస్టింగులో ఆ మాట ఉండటం ప్రవేశ అర్హత మాత్రమే. ఆ తర్వాత ఏది పైన, ఏది కింద అన్నది తేల్చడంలో కొనేవాళ్ల గత ప్రవర్తనకు, అంటే ఏది నొక్కారు, ఏది కొన్నారు అన్నదానికి పెద్ద పాత్ర ఉంటుంది. ఈ చరిత్ర సరుకు సరుకుకూ విడిగా పోగవుతుంది. గుంటూరు ఇంట్లో నెలకు పదమూడు సీసాలు అమ్ముడైతే, అవి ఒకే లిస్టింగు ఖాతాలో పడితే ఆ లిస్టింగు పైకి కదులుతుంది. ఆరు ఒకచోట, అయిదు ఇంకోచోట, ఒకటీ ఒకటీ మిగతా రెండింట్లో పడితే నాలుగూ పేజీ మధ్యలోనే ఉండిపోతాయి. రివ్యూల సంగతీ అంతే. నలభై రివ్యూలున్న ఒక్క సీసా మీద కలిగే నమ్మకం, తలా పది రివ్యూలున్న నాలుగు సీసాల మీద కలగదు.

ఇక గుర్తుపట్టడం ఎలాగో చూద్దాం. ట్రేడ్‌మార్క్‌తో బ్రాండ్ రిజిస్ట్రీలో చేరినవాళ్లకు సెల్లర్ సెంట్రల్‌లో, Brand Analytics కింద `Search Query Performance` అనే నివేదిక కనిపిస్తుంది. దీనికి రెండు ముఖాలున్నాయి. ఒకటి బ్రాండ్ మొత్తానికి, రెండోది ఒక్కో సరుకుకు. అమెజాన్ ప్రతి సరుకుకూ ఇచ్చే పదక్షరాల సంఖ్యను ఏసిన్ అంటారు. రెండో ముఖంలో ఆ ఏసిన్ ఎంచుకుంటే, ఏ మాటకు ఆ సరుకు ఎన్నిసార్లు కనిపించింది, ఎందరు నొక్కారు, ఎందరు బుట్టలో వేసుకున్నారు, ఎందరు కొన్నారు అన్నవన్నీ వస్తాయి. వారానికో, నెలకో, మూడు నెలలకో తీసుకోవచ్చు.

నాలుగు ఏసిన్లకూ ఒకే నెల నివేదికలు దింపి, ఒకే షీట్‌లో ఒకదాని కింద ఒకటి పేర్చాలి. మొదటి నిలువు వరుసలో వెతికిన మాట, రెండో దానిలో ఏసిన్, ఆ తర్వాత కనిపించిన లెక్క, నొక్కిన లెక్క, కొన్న లెక్క. పక్కన ఖాళీ వరుసలో ఈ సూత్రం పెట్టి కిందిదాకా లాగితే చాలు:

```
=COUNTIFS(A:A,A2,C:C,">=50")
```

ఆ మాటకు కనీసం యాభైసార్లయినా కనిపించిన మన లిస్టింగులు ఎన్నో ఇది లెక్కగట్టి చెబుతుంది. రెండు, అంతకు మించి వచ్చిన మాటలు అనుమానితులు. ఈ పట్టికలోంచి మీ బ్రాండ్ పేరున్న మాటలను ముందే తీసేయండి. మీ పేరు కొట్టి వెతికినవాళ్లకు మీ సరుకులన్నీ కనిపించడం సహజమే, అలా కనిపించాలి కూడా. చాలామంది ఈ షీట్ చూసి, రెండు వచ్చిన ప్రతి మాటా సమస్యే అనుకుని కంగారుపడి లిస్టింగులు చెరిపేస్తారు. అనుమానితుడైనంత మాత్రాన దోషి కాడు. అసలు విచారణ ఇప్పుడు మొదలవుతుంది.

మన కుటుంబం షీట్‌లో `gongura pickle` దగ్గర నాలుగు అని వచ్చింది. ఆ నెలలో 250 గ్రాముల సీసా 2,100 సార్లు కనిపించింది. 63 మంది నొక్కారు, ఆరుగురు కొన్నారు. అర కిలో 1,900 సార్లు కనిపించి, 38 మంది నొక్కితే అయిదుగురు కొన్నారు. కిలో సీసా 1,200 సార్లు కనిపించింది, పన్నెండు మంది నొక్కారు, ఒక్కరు కొన్నారు. వెల్లుల్లి లేనిది 800 సార్లు కనిపించి, పదహారు మంది నొక్కితే అక్కడా ఒక్కరే కొన్నారు. అన్నీ కలిపితే 6,000 సార్లు కనిపించడం, 129 మంది నొక్కడం, 13 మంది కొనడం.

ఇందులో మొదట చూడాల్సింది ఆ 6,000 అంకె. అదే నివేదికలో, ఆ మాటను నెలలో మొత్తం ఎన్నిసార్లు వెతికారో కూడా ఉంటుంది. అది 4,500 అనుకుందాం. వెతికింది 4,500 సార్లయితే మన సీసాలు 6,000 సార్లు ఎలా కనిపించాయి? ఒకే మనిషి ఒకే పేజీలో మన సీసాలు మూడు చూస్తే మూడుగా లెక్కపడుతుంది. కాబట్టి "ఇన్నిసార్లు కనిపించాం" అన్న అంకె పెరిగిందని సంతోషించడానికి లేదు. కొత్తవాళ్లు చూశారో, పాతవాళ్లే మళ్లీ చూశారో అది చెప్పదు. ఆ తల్లి ఫోన్‌లో చూసి మురిసిపోయిన మూడు సీసాల వెనక ఉన్నది ఇదే.

రెండోది డబ్బు లెక్క. ఇది చాలామంది దాకా రాదు. కొనేవాడు మనది నొక్కి మనదే కొంటున్నప్పుడు, ఏ సీసా అయితేనేం అనిపిస్తుంది. సీసా, ప్యాకింగ్, పంపడం, అమెజాన్ కోతలు అన్నీ పోను 250 గ్రాముల మీద రూ. 18, అర కిలో మీద రూ. 60 మిగులుతాయనుకుందాం. ప్రకటనలో ఒక్క క్లిక్కుకు రూ. 5 పడుతోంది. చిన్న సీసాకు 63 మంది నొక్కితే ఆరుగురు కొన్నారు, అంటే ఒక్క అమ్మకానికి పది క్లిక్కులకు పైనే. ఆ లెక్కన ప్రకటన ఖర్చు దాదాపు రూ. 52. మిగులు రూ. 18. ప్రకటన మీద అమ్మిన ప్రతి చిన్న సీసాకూ రూ. 34 చేతినుంచి పోతోంది. అర కిలోకు ఎనిమిది క్లిక్కుల్లోపే ఒక అమ్మకం, అంటే ఖర్చు రూ. 38, మిగిలేది రూ. 22. ఒకే మాటకు రెండూ పోటీ పడినప్పుడు తక్కువ ధర చూసి జనం చిన్న సీసానే నొక్కుతారు. గెలుస్తున్నది నష్టం తెచ్చే సీసా. నా లెక్కలో క్యానిబలైజేషన్ అసలు హాని ఇక్కడే ఉంది. అమ్మకాలు చీలడం కన్నా, చీలినప్పుడు తప్పు లిస్టింగు ముందుకు రావడం పెద్ద దెబ్బ.

ప్రకటనల గురించి ఇంకో మాట. చాలామంది నాలుగు సరుకులనూ ఒకే యాడ్ గ్రూపులో పడేస్తారు. అలా చేస్తే సెర్చ్ టర్మ్ రిపోర్టులో ఏ మాటకు ఎంత ఖర్చయిందో తెలుస్తుంది కానీ, ఆ మాటకు ఏ సీసా ప్రకటన వెళ్లిందో తెలియదు. పై లెక్క వేయాలంటే సరుకుకొక యాడ్ గ్రూపు ఉండాలి. లేదంటే దొంగ ఎవరో తెలియకుండానే డబ్బు పోతూ ఉంటుంది.

మూడో సంగతి వెల్లుల్లి. `gongura pickle without garlic` అనే మాట దగ్గర షీట్ ఏం చెబుతోందో చూడండి. వెల్లుల్లి లేని సీసాకు 40 మంది నొక్కితే తొమ్మిది మంది కొన్నారు. బ్రహ్మాండం. అదే మాటకు మామూలు అర కిలో సీసా కూడా 600 సార్లు కనిపించింది. 18 మంది నొక్కారు, ఒక్కరూ కొనలేదు. వెల్లుల్లి ఉన్న సీసా ఆ మాటకు ఎందుకు కనిపించింది? కొడుకు నాలుగు లిస్టింగులకూ ఒకే లోపలి కీవర్డులు అతికించాడు కదా. కొనేవాళ్లకు కనిపించని ఆ గడిలో "వితౌట్ గార్లిక్" అని మామూలు సీసాకూ ఉండిపోయింది.

నిజమైన క్యానిబలైజేషన్ అంటే ఇది. ఈ మాట కొట్టేవాళ్లకు ఏం కావాలో స్పష్టంగా తెలుసు. కార్తీకమాసంలో ఉల్లి, వెల్లుల్లి మానేసినవాళ్లు, ఏడాది పొడవునా ముట్టని జైనులు, పూజలకు వండేవాళ్లు. వాళ్లకు సరిపోయే సీసా మన దగ్గరే ఉంది. దాని పక్కనే మన ఇంకో సీసా నిలబడి వాళ్ల చూపు లాగుతోంది. 18 మంది నొక్కి, కొనకుండా వెళ్లిపోయారంటే 18 క్లిక్కుల ఖర్చు. అంతకన్నా పెద్ద ప్రమాదం, ఎవరో చూసుకోకుండా కొని, మూత తీసి, వెల్లుల్లి రెబ్బ కనపడి ఒక్క నక్షత్రం ఇవ్వడం. ఆ ఒక్క రివ్యూ తర్వాత ఎన్ని అమ్మకాలు ఆపుతుందో ఏ నివేదికా చెప్పదు.

`gongura pickle` అనే మామూలు మాట దగ్గర సంగతి ఇంత తేటగా ఉండదు. అక్కడ మూడు బరువులకూ మూడు రకాల కొనుగోలుదార్లు ఉండొచ్చు. రుచి చూద్దామనుకునేవాడు చిన్నది, నలుగురున్న ఇల్లు కిలోది. అలా అయితే మూడూ కనిపించడం మేలే. ఒకే పేజీలో మన సీసాలు మూడుంటే పక్క బ్రాండ్లకు మూడు చోట్లు తగ్గినట్టు. మరి ఇవి నిజంగా ఒకదాన్నొకటి తింటున్నాయో, లేక తలా ఒకరికి అమ్ముతున్నాయో తేల్చేదెలా?

దానికి మంచి సాక్షి, సరుకు అయిపోయిన వారాలు. చిన్న సీసాలు దొరక్క 250 గ్రాముల లిస్టింగు రెండు వారాలు ఖాళీగా ఉందనుకోండి. అప్పటి వారపు నివేదికలు తీయండి. అంతకుముందు రెండు వారాల్లో ఈ మాటకు నాలుగింటికీ కలిపి 64 క్లిక్కులు. చిన్న సీసాకు 31, అర కిలోకు 19, కిలోకు ఆరు, వెల్లుల్లి లేనిదానికి ఎనిమిది. చిన్న సీసా లేని రెండు వారాల్లో మొత్తం 58. అర కిలో 19 నుంచి 41కి ఎగబాకింది, కిలో తొమ్మిదయింది, వెల్లుల్లి లేనిది ఎనిమిదిలోనే ఉంది. చిన్న సీసా కోసమే వచ్చేవాళ్లు వేరుగా ఉండి ఉంటే మొత్తం 33కు పడిపోవాలి. పడలేదు. వాళ్లలో ఎక్కువమంది అర కిలో వైపు జరిగారు. అంటే ఆ రెండూ ఒకే మనుషుల కోసం కొట్టుకుంటున్నాయి. వెల్లుల్లి లేనిది కదలకపోవడం కూడా ఒక సాక్ష్యమే, దాని మనుషులు వేరు.

ఇక్కడ క్లిక్కులతో లెక్క వేశాను, అమ్మకాలతో కాదు. కారణం ఉంది. నెలకు పదమూడు అమ్మకాలున్న చోట ఒక వారం మూడు, ఇంకో వారం అయిదు రావడానికి ఏ కారణమూ అక్కర్లేదు, యాదృచ్ఛికంగానే వస్తాయి. అంత చిన్న అంకెల మీద తీర్పు చెప్పకూడదు. క్లిక్కులు ఎక్కువ కాబట్టి కొంత నయం. అవీ తక్కువైతే మూడు నెలలవి కలిపి చూడండి. పరీక్ష కోసమని నడుస్తున్న లిస్టింగును కావాలని ఆపకండి. అమ్మకాలు ఆగితే ఆ లిస్టింగు చరిత్ర బలహీనపడి, మళ్లీ తెరిచాక పాత చోటు దొరక్కపోవచ్చు. ఎలాగూ సరుకు అయిపోయిన రోజులు ఏ వ్యాపారంలోనైనా ఉంటాయి. వాటి తేదీలు రాసి పెట్టుకుంటే చాలు.

సరుకు అయిపోయిన సందర్భమే లేకపోతే వారపు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి పైకి లేచిన వారమే ఇంకొకటి కిందికి దిగుతూ, కూడిక మాత్రం ఉన్నచోటే ఉంటే, అది దాదాపు అదే రోగం. రెండూ కలిసి లేచి కలిసి పడుతుంటే అది పండగో, సెలవులో, మార్కెట్టో. మీ సీసాల మధ్య గొడవ కాదు.

బ్రాండ్ రిజిస్ట్రీ లేనివాళ్లకు ఈ నివేదిక రాదు. వాళ్లకు చేతితో చేసే దారి ఉంది, కాస్త ఓపిక కావాలి. బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరిచి, లాగిన్ కాకుండా, డెలివరీ పిన్‌కోడ్ మార్చుకుంటూ అదే మాట వెతకాలి. హైదరాబాద్ 500001, బెంగళూరు 560001, ముంబై 400001 పెట్టి చూడండి. సరుకు ఏ గోదాములో ఉందన్నదాన్ని బట్టి వరుస మారుతుంది కాబట్టి ఒక్క ఊరు చూస్తే చాలదు. వారానికి రెండుసార్లు, ఒకే సమయానికి, మన లిస్టింగుల్లో ఏది ఎన్నో చోట వచ్చిందో రాయండి. స్పాన్సర్డ్ అని ఉన్నవాటిని వేరే వరుసలో రాయాలి, అవి డబ్బిచ్చి నిలబెట్టినవి. మూడు నాలుగు వారాలు తిరిగేసరికి ఒక తీరు కనిపిస్తుంది. సొంత ఫోన్‌లో లాగిన్ అయ్యి చూసుకోవడం మాత్రం దండగ. మీరు రోజూ నొక్కే మీ సీసా మీకు పైన కనిపించడంలో వింతేమీ లేదు. ఆ తల్లి చేసింది అదే.

రోగం తేలింది కాబట్టి మందు సులువే. మూడు బరువులవీ ఒకే పచ్చడి. వాటిని ఒకే పేరెంట్ కింద సైజు వేరియేషన్లుగా కలపాలి. కొనేవాడికి ఒకే పేజీ కనిపిస్తుంది, అందులో 250, 500, కిలో అని గళ్లుంటాయి. రివ్యూలు ఒకచోట కనిపిస్తాయి, సెర్చ్ పేజీలో మామూలుగా కుటుంబం తరఫున ఒకటి నిలబడుతుంది. ఏది నిలబడాలో అమెజాన్ నిర్ణయిస్తుంది, మనం కాదు. అయినా ప్రకటన ఏ బరువుకు పెట్టాలో మన చేతిలోనే ఉంది, దాన్ని అర కిలోకు పెట్టవచ్చు.

ఒక హెచ్చరిక. రివ్యూలు కలిసివస్తాయి కదా అని ఆవకాయనూ, గోంగూరనూ, కందిపొడినీ ఒకే పేరెంట్ కిందికి తోసేవాళ్లున్నారు. ఒకే సరుకులో బరువో రంగో మాత్రమే తేడా ఉన్నవాటికే వేరియేషన్. అడ్డదిడ్డంగా కలిపితే అమెజాన్ విడగొడుతుంది, కొన్నిసార్లు లిస్టింగులు ఆపేస్తుంది. ఇదే పచ్చడి, ఇదే బరువు పొరపాటున రెండు ఏసిన్ల కింద ఉంటే అది వేరియేషన్ పని కాదు, నకలు. సెల్లర్ సపోర్ట్‌కు రాసి రెంటినీ ఒకటి చేయించుకోవాలి.

వెల్లుల్లి లేని సీసాను ఆ కుటుంబంలో కలపకుండా విడిగా ఉంచడమే మంచిదని నా అభిప్రాయం. దాన్ని వెతికే మాటలు వేరు, కొనే మనుషులు వేరు. దాని పేరు "వెల్లుల్లి లేని" అన్న మాటతో మొదలవ్వాలి, బొమ్మ మీద కూడా ఆ మాట పెద్దగా కనిపించాలి. మామూలు సీసాల లోపలి కీవర్డుల్లోంచి ఆ మాటను తీసేయాలి. ప్రకటనల్లో మామూలు సీసాల యాడ్ గ్రూపులకు `without garlic`, `no garlic` అన్నవి నెగటివ్ ఫ్రేజులుగా చేర్చాలి. నెగటివ్ కీవర్డు ప్రకటనలను మాత్రమే ఆపుతుంది, మామూలు సెర్చ్ ఫలితాలను ఆపదు. అందుకే రెండు పనులూ చేయాలి, ఒకటి చేసి ఊరుకుంటే సగమే తగ్గుతుంది.

లోపలి కీవర్డుల గడిలో ఇండియాలో 200 బైట్లకు మించి పట్టదు. నాలుగు లిస్టింగుల్లో అవే మాటలు అతికించడం అంటే ఆ కొద్ది చోటునూ నాలుగుసార్లు వృథా చేసుకోవడం. పేరులో ఉన్న మాటలను ఆ గడిలో మళ్లీ రాయక్కర్లేదు. గోంగూరను తమిళులు పులిచ్చ కీరై అంటారు, మరాఠీవాళ్లు అంబాడీ అంటారు. ఆ మాటలకు, తెలుగువాళ్లే ఇంగ్లిష్ అక్షరాల్లో నాలుగు రకాలుగా రాసే పచ్చడికి ఆ చోటు వాడుకోవచ్చు. అమెజాన్ 2020 సెప్టెంబరు నుంచి తెలుగులో కూడా వాడుకునే వీలిచ్చింది. తెలుగు లిపిలో రాయదలిస్తే మాత్రం లెక్క చూసుకోండి. ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పోతాయి, `gongura` ఏడు బైట్లయితే గోంగూర పద్దెనిమిది.

ఎట్సీలో అమ్మేవాళ్లకు ఇదే జబ్బు ఇంకో రూపంలో వస్తుంది. అక్కడ లిస్టింగుకు 13 ట్యాగులు, ఒక్కోటి 20 అక్షరాలు. ఏటికొప్పాక లక్క బొమ్మలు పది పెట్టినవాళ్లు మొదటి బొమ్మ ట్యాగులనే పదింటికీ కాపీ చేస్తుంటారు. 130 ట్యాగుల చోటు ఉండగా 13 మాటలకే కనిపిస్తున్నారన్నమాట. ఒక్కో లిస్టింగు గణాంకాల్లో కొనేవాళ్లు ఏ మాట కొట్టి వచ్చారో ఎట్సీ చూపిస్తుంది. దాన్ని పట్టుకుని పైన చెప్పిన షీట్ అక్కడా వేసుకోవచ్చు. సొంత సైటు ఉండి గూగుల్ మీద ఆధారపడేవాళ్ల సంగతి కొంచెం వేరు. ఒకే సైటు నుంచి పై ఫలితాల్లో సాధారణంగా రెండుకు మించి చూపించబోమని గూగుల్ 2019 జూన్‌లో చెప్పింది. అంటే అక్కడ మూడో పేజీ మొదటి రెండింటి చోటు కోసమే పోటీ పడుతుంది.

మార్పులు చేశాక, పనిచేసిందా లేదా అన్నది చూడటానికి నాలుగు వారాలైనా ఆగాలి. అన్నీ ఒకేరోజు మార్చకండి. ముందు వెల్లుల్లి మాటలు సరిచేసి, తేదీ రాసుకుని, ఆ తర్వాతే వేరియేషన్ కలపండి. లేకపోతే దేనివల్ల ఏమైందో తెలియదు. చూడాల్సిన అంకె, బ్రాండ్ ముఖంలో ఆ మాటకు జరిగిన మొత్తం కొనుగోళ్లలో మన వాటా. సంక్రాంతికి అందరి అమ్మకాలూ పెరుగుతాయి, మనవీ పెరుగుతాయి. అది మన తెలివి కాదు. వాటా చూస్తే పండగ ప్రభావం చాలావరకు కొట్టుకుపోతుంది. ఆ నెల `gongura pickle` మాటకు అమెజాన్ మొత్తం మీద 260 సీసాలు పోతే మనవి 13, అంటే వాటా 5 శాతం. కలిపిన తర్వాత ఆ వాటా ఆరుకో ఏడుకో చేరి మూడు నెలలు అక్కడే నిలబడితే మందు పనిచేసినట్టు. అదే సమయంలో "కనిపించిన లెక్క" 6,000 నుంచి సగానికి పడిపోతుంది. భయపడకండి, మూడు సీసాల చోట ఒకటే నిలబడింది కాబట్టి పడుతుంది. ఆ అంకె చూసి బెదిరి మళ్లీ విడగొట్టుకునేవాళ్లున్నారు.

వాటా కదలకపోతే? అప్పుడు సీసాల మధ్య గొడవ పెద్దది కాదన్నమాట. పక్క బ్రాండు ధరో, మీ బొమ్మో, రివ్యూలో కారణం అయ్యుంటాయి, అక్కడ వెతకండి.

చిన్న సీసా విషయం మాత్రం ఏ వేరియేషనూ బాగుచేయదు. రూ. 18 మిగిలే సరుకుకు రూ. 52 ప్రకటన ఖర్చు పెడితే, ఒకే పేజీలో కలిపినా, విడిగా ఉంచినా ప్రతి సీసాకూ రూ. 34 పోతూనే ఉంటాయి. అది కీవర్డు సమస్య కాదు, ధర సమస్య. ఆ సీసాకు ప్రకటన ఈరోజే ఆపేయండి. అర కిలో పేజీలో రుచి చూడటానికి ఒక గడిగా దాన్ని ఉంచండి, చాలు.